మా అత్త చేతి మూర

ఆ మెసేజిని ఎన్నిసార్లు రాసి చెరిపానో నాకే తెలియదు. వరలక్ష్మి వ్రతానికి ఇంకా పది రోజులుంది. వనపర్తిలో మా పూలకొట్టు ముందర స్టూలు వేసుకుని, ఫోను పట్టుకుని కూర్చున్నాను. రెండు వాక్యాలు రాస్తాను, లేచి బంతిపూల మీద తడిగుడ్డ సర్దుతాను, మళ్లీ కూర్చుంటాను, రాసింది నచ్చదు, చెరుపుతాను. నాకు మామూలుగానే కుదురు తక్కువ. చిన్నప్పుడు గద్వాలలో మా అమ్మ, "నీ కాళ్ల కింద నిప్పులున్నయా ఏందే?" అని తిట్టేది. పండుగ దగ్గర పడుతుంటే ఆ నిప్పులు ఇంకా రాజుకుంటాయి.

అసలు మెసేజి ఎందుకంటే, ముందటేడు జరిగిన గొడవ వల్ల. వ్రతం రోజు పొద్దున మూర మల్లె డెబ్బై రూపాయలని చెప్పాను. మామూలు రోజుల్లో అది ముప్పై. ఒకామె చేతిలోని పూలదండను తిరిగి బుట్టలోకి విసిరేసి, "పూలమ్ముతున్నరా, బంగారమమ్ముతున్నరా?" అంది. నేను ఊరుకుంటానా? "బంగారమైతే ఇయ్యాల అమ్ముడుపోకపోతే రేపు అమ్ముకుంట. ఇది రేపటికి కుప్పల పోతది" అన్నాను. నిజానికి తప్పు మాట కాదు, కాకపోతే అన్న తీరు తప్పు. నా గొంతు బజారంతా వినబడింది. అక్కడ నిలబడ్డ అయిదారుగురు పక్క కొట్టుకు వెళ్లిపోయారు. పక్క కొట్టులో డెబ్బై అయిదు! అయినా అక్కడే కొన్నారు. ఆ రోజు మా ఆయన, "నువ్వు పూలు గాదు, కారప్పొడి అమ్ముకో, బాగ పోతది" అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటితో అది అయ్యేలా లేదు కాబట్టి ఈసారి చేత్తో ప్రయత్నిద్దామనుకున్నాను. పండుగ రోజు పొద్దున చెప్తే గొడవ, పది రోజుల ముందే రాసి పంపితే గొడవ ఉండదు కదా. వనపర్తిలోనే కాదు, మా పుట్టింటి వాడకట్టు వాళ్లు గద్వాల నుంచి, మా ఆడబిడ్డకు తెలిసిన వాళ్లు నాగర్‌కర్నూల్ నుంచి కూడా పూలు అడుగుతుంటారు. వాళ్లకు బస్సులో పంపుతాం. వాళ్లందరి నంబర్లూ నా ఫోనులో ఉన్నాయి.

చివరికి తేలిన మెసేజి ఇది. ఇప్పటికీ ఫోనులో ఉంది.

"అమ్మలకు, అక్కలకు నమస్కారం. వరలక్ష్మి వ్రతం పూలకు ఆర్డర్లు తీసుకుంటున్నాం. మంగళవారం సాయంత్రం లోపల చెప్పాలి. మల్లె, కనకాంబరం మూరల్లో. చామంతి, బంతి కిలోల్లో. అమ్మవారి దండలు పటం సైజును బట్టి. మల్లె గురువారం తెల్లవారుజామున తెంపినదే వస్తుంది, ఐసు డబ్బాలో వస్తుంది. మొగ్గ మీదనే కట్టి ఇస్తాం, శుక్రవారం పూజకు మీ ఇంట్లో విచ్చుకుంటుంది. తామర కూడా మొగ్గలే ఇస్తాం, రేకులు మీరే విప్పుకోండి. పూలు రాగానే తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టండి. నీళ్లు చల్లి ప్లాస్టిక్ కవరులో కట్టేయవద్దు, నల్లబడతాయి. వనపర్తిలో ఇంటికి తెచ్చి ఇచ్చే టైము శుక్రవారం పొద్దున నాలుగున్నర నుంచి ఆరు, ఆరు నుంచి ఏడున్నర. ఏ టైము కావాలో ముందే చెప్పండి. గద్వాల, నాగర్‌కర్నూల్ వాళ్లకు మొదటి బస్సులో వస్తాయి, బస్టాండుకు వచ్చి తీసుకోవాలి. రేటు ఎందుకు పెరిగిందని అడుగుతారు. మల్లె కాపు ఎండాకాలంలో జోరు, శ్రావణానికి తగ్గుతుంది. తగ్గిన పువ్వునే ఆ ఒక్క పొద్దున అందరూ అడుగుతారు. పెళ్లిళ్లూ ఈ నెలలోనే. పువ్వును పది రోజుల ముందు చౌకగా కొని దాచుకోలేం. వాన పడితే చామంతి తోటలోనే మురిగిపోతుంది. మండీలో వేలంపాట పెరుగుతుంది, ఆటో, ఐసు అన్నీ పెరుగుతాయి. అందుకని మల్లె మూర అరవై. ఇప్పుడు చెప్పిన రేటే ఆ రోజు కూడా. రూపాయి ఎక్కువ అడగం."

ఎంత బాగా రాశానో అని నాకే ముచ్చటేసింది. గట్టిగా మా అత్తకు చదివి వినిపించాను. మా అత్తకు చదువు రాదు. బస్టాండు దగ్గర బుట్ట పెట్టుకుని నలభై ఏళ్లు పూలమ్మింది. ఈ కొట్టు పెట్టాక అమ్మడం మాకు వదిలేసి, లోపల చాప మీద కూర్చుని కడుతూ ఉంటుంది. కాలి బొటనవేలికి దారం బిగించుకుంటుంది, చూపు వీధి మీద ఉంటుంది, వేళ్లు మాత్రం పూల మీద నడుస్తుంటాయి. మూర అయినప్పుడు మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా కొలిచి, ఇంకో నాలుగు పూలు కొసరు కలిపి దారం కొరుకుతుంది. మనిషి పొడుగు, చెయ్యీ పొడుగే. మా దగ్గర మూర అంటే ఆ చెయ్యే. కొనేవాళ్లకూ అదే అలవాటు.

నేను చదవడం అయ్యాక ఆమె, "అయిపోయిందా?" అంది.

"అయింది. ఎట్లుంది అత్తా?"

"మంచిగున్నది. పువ్వు తోటల నుంచి వచ్చింది, డబ్బల వచ్చింది, బస్సెక్కింది, గద్వాలకు పోయింది. నడిమిట్ల అది దండెట్లయిందే? గాలికయిందా?"

నాకు నవ్వొచ్చింది. "మన చేతులే గదా అత్తా, వాటికి రేటేంది?" అన్నాను.

"మన చేతులే" అని ఆమె కూడా అంది. దారం కొరికి, కట్టిన మూరను బుట్టలో వేసింది. నేను మెసేజి పంపేశాను.

ఇక చూడాలి, ఫోను ఊపిరాడనివ్వలేదు. ఒకరు దండం పెడుతున్న చేతుల బొమ్మ పంపుతారు, అది ఆర్డరో కాదో తెలియదు. ఒకరు "నాలుగున్నరకు తలుపు కొట్టకండి, మా పాప లేస్తది" అంటారు, మళ్లీ వాళ్లే "ఐదింటికి పూజ" అంటారు. నాగర్‌కర్నూల్ ఆమె రేటు చూసి, "యాభై చేస్కో" అంది. "చెప్పిన రేటేనమ్మా, ఆ రోజు ఎనభై అయినా మీకు అరవైకే ఇస్త" అంటే అప్పుడు ఊరుకుంది. గద్వాల నుంచి మా టీచరమ్మ గొంతు మెసేజి పెట్టింది. చిన్నప్పుడు బడిలో నాకు లెక్కలు చెప్పిన ఆమె, ఇప్పుడు రిటైరయింది.

"ఏమే, లెక్కలల్ల ఎప్పుడు పాసు గాని దానివి, ఇప్పుడు నాకే లెక్కలు జెప్తున్నవా? పువ్వుకేమన్న బియ్యమేసి సాకుతున్నరా, అరవై రూపాయలు? సరే తీ. కొత్త కోడలుకు మొదటి నోము. పదిహేను మంది ముత్తయిదువులను పిలిచిన. మనిషికొక మూర, పదిహేను పంపు. ఒక్కటి తగ్గినా నా ఇజ్జత్ పోతది, చెప్తున్న."

"పంపుత టీచర్, పరేషాన్ కాకండ్రి" అన్నాను.

మంగళవారం సాయంత్రానికి మల్లె ఒక్కటే మూడు వందల మూరలు దాటింది. మా ఆయన చీటీలన్నీ చూసి, "ఇన్ని కట్టేదెవరే?" అన్నాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. అత్త ఉంది. ఎదురింటి వదినె ఉంది, ఆమె తోడికోడలు ఉంది, పండుగలకు ఎప్పుడూ వచ్చి కట్టేది వాళ్లే. అత్త గంటకు ఎనిమిది మూరలు కడుతుంది, వాళ్లూ అంతే. గురువారం పొద్దున పది గంటలకు పువ్వు దిగితే రాత్రి భోజనాల వేళకు కొంచెం అటూ ఇటూగా అయిపోతుంది, నేనూ చెయ్యేస్తాను. లెక్క సరిపోయింది. చూశారా టీచరమ్మా, అనుకున్నాను.

బుధవారం వాళ్లిద్దరూ కొట్టుకు వచ్చారు. చామంతి దండలకు ముందుగానే దారాలు, ఆకులు తెగ్గోయాలి. వదినె కూర్చోకుండా నిలబడే ఉంది. చేతిలో ఫోను.

"చెల్లె, నీ మెసేజి మా చిన్నమ్మ కూతురు పంపింది. సదివినం. మల్లెకు రేటు పెరిగింది, ఆటోకు పెరిగింది, ఐసుకు పెరిగింది. మంచిదే. మాకు మూరకు అయిదిస్తవ్, పండుగకు పదియ్యి. మాకు గూడ పండుగే గదా, ఇంట్ల పని ఇడిసిపెట్టి వస్తున్నం."

అడిగింది న్యాయమే. అది అప్పుడే తెలిసింది నాకు. కానీ రేటు అందరికీ రాసి పంపేశాను, రూపాయి ఎక్కువ అడగనని మాటిచ్చాను, ఈ పది రూపాయలు ఆ అరవైలో లేనే లేవు. ఒళ్లు మండింది. ఎవరి మీదో మండాల్సింది వాళ్ల మీద మండింది.

"పూసేది చెట్టు. తెచ్చేది మేము. తిట్లు తినేది మేము. మీరు ముడులేస్తరు, గంతే గదా వదినే? దానికి గూడ పండుగ రేటా?"

నోరు జారాక తెలిసింది. వదినె గొడవ పడలేదు, పడినా బాగుండేది. చేతిలోని దారపు ఉండను అరలో జాగ్రత్తగా పెట్టింది. "గంతే అయితే నువ్వే ఎయ్యి" అని చెప్పులేసుకుంది. తోడికోడలు కూడా వెనకాలే దిగింది. మా అత్త చాప మీద నుంచి వాళ్లు రోడ్డు దాటేదాకా చూసింది. పొద్దున కోపం సాయంత్రానికి తగ్గుతుందిలే, రేపు వస్తారులే అనుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

గురువారం పది కాకముందే మల్లె దిగింది. థర్మాకోల్ డబ్బా మూత తీయగానే చల్లటి వాసన. మొగ్గలు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కానీ కొన్నింటికి అప్పుడే మూతి లావెక్కింది. ఐసు పువ్వును ఆలస్యం చేస్తుందే కానీ ఆపలేదు. రాత్రి బాగా పొద్దుపోతే విచ్చుకుంటుంది, విచ్చుకున్న మల్లె ముడికి నిలవదు, రేకు నలుగుతుంది, తల రాలుతుంది. వదినె వాళ్ల తలుపు మూసే ఉంది. నేను తడిగుడ్డ పరిచి, ఒక కుప్ప మొగ్గలు అత్త ముందు పోశాను.

అత్త ముట్టుకోలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది.

"ఏందత్తా? పానం బాగలేదా?"

"బాగనే ఉన్నది."

"మరి కట్టవా?"

"ముడులే గదనే. గంతే గదా. నువ్వెయ్యి."

నాకు నిజంగా ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఎంత అదను చూసి దెబ్బ తీసింది! ఇన్ని ఇళ్లకు మాటిచ్చి ఉన్నాం, ఇంటి మనిషే ఇలా చేస్తే ఎలా? పంతానికి నేనే కూర్చున్నాను. కాలి వేలికి దారం బిగించాను. నాలుగు పూలు అటు, నాలుగు ఇటు, తిప్పు, ముడి. ఒకటి గట్టిగా బిగిస్తే కాడ తెగింది, ఒకటి వదులైతే జారింది. గంట తర్వాత చూసుకుంటే రెండు మూరలు. మోచేత్తో కొలిచి పక్కన పెట్టాను. అత్త వాటిని వేలితో పైకెత్తి చూసింది.

"గిది మూరనా? నీ చేతి మూర నా చేతికి నాలుగు వేళ్లు తక్కువ. సగం దూరం దారమే కనబడుతున్నది. టీచరమ్మ ఇంట్ల ముత్తయిదువులు తలల ఏం పెట్టుకోవాలె, దారమా?"

"నన్నేం చెయ్యమంటవ్ అత్తా!" అని అరిచాను. "పువ్వు మగ్గిపోతున్నది! నీ రేటెంతో చెప్పు, ఇస్త!"

అప్పుడు ఆమె కొంగులోంచి చేతులు తీసి నా ముందు చాచింది. చూపుడువేలికీ బొటనవేలికీ దారం కోసుకుపోయి పడిన గాడి, ఎండిపోయి నల్లగా గట్టిపడింది. గోళ్ల సందుల్లో పచ్చటి మరక. ఇరవై ఏళ్లుగా రోజూ ఆ చేతులతో కలిసి తింటున్నాను. ఎన్నడూ చూడలేదు.

"నాకు రేటెందుకే, నీ ఇంట్లనే తింటున్న. మీ మామ ఉన్నప్పుడు పువ్వు ఆయన తెచ్చిండు అన్నరు. నా కొడుకు కొట్టు పెట్టిండు అన్నరు. ఇప్పుడు కోడలు ఫోన్లనే అమ్ముతది అంటున్నరు. మంచిదే, నాకు సంతోషమే. కట్టిందెవ్వలని ఒక్కలన్న అన్నరా? నువ్వు అంత పొడుగు రాస్తివి. ఐసు గడ్డ గూడ ఉన్నది దాంట్ల. నేనే లేను."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా, ఉలికిపడ్డాను, అంతే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆమె మళ్లీ చేతులు కొంగులో దాచుకుంది.

"మొదలు పొయ్యి వాళ్లను పిలువు. ఆ మాట నీ నోట్లకెళ్లి వచ్చింది, నువ్వే మళ్ల తీసుకో. జల్ది పో. మొగ్గ నీ కోసం ఆగదు."

ఎదురింటికి రోడ్డు దాటితే చాలు. ఆ రోజు ఆ రోడ్డు వెడల్పుగా కనబడింది. వదినె గడపలో కూర్చుని బెండకాయలు కోస్తోంది. నన్ను చూసి కూడా చూపు దించేసింది. నేను గడప కిందే కూర్చున్నాను.

"తప్పయింది వదినే. నోటి దురద నాది. పొద్దటి సంది కూసుంటే రెండు మూరలు కట్టిన, అయి గూడ అత్త పనికి రావన్నది. పదే ఇస్త. మీరు రాకపోతే నేను మునిగిపోత."

"నువ్వు మునిగిపోతవని రావాల్నా?"

"గందుకు గాదు. అడిగింది న్యాయమే కాబట్టి రావాలె."

ఆమె ఇంకో నాలుగు బెండకాయలు కోసింది. ఒక్కో ముక్క కోస్తుంటే నా మొగ్గలు ఒక్కో రేకు విప్పుతున్నట్టే అనిపించింది. అప్పుడు కత్తి పక్కన పెట్టింది. "నేనొస్త. నా తోడికోడలు రాదు. నిన్న సాయంత్రమే పక్క కొట్టోళ్లు పిలిస్తే ఒప్పుకుంది. వాళ్లు పన్నెండిస్తున్నరు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మూడు జతల చేతుల్లో ఒక జత పక్క కొట్టులో కూర్చుంది. రెండు గంటల పొద్దు నా పంతానికే పోయింది. వదినెను వెంటబెట్టుకుని వచ్చాను. అత్త ఆమెను చూసి జరిగి చాప మీద చోటిచ్చి, దారం వేలికి బిగించింది. ఇద్దరి వేళ్లూ నడవడం మొదలయ్యాక నాకు కాస్త ఊపిరి అందింది. కానీ లెక్క ఎంత తిప్పినా తేలడం లేదు. మూడు వందలు కావు. రెండు వందలు కూడా కష్టమే.

ఇప్పుడేం చేయాలి? వదులుగా కట్టి, చిన్న మూర కొలిచి, అందరికీ సరిపెట్టవచ్చు. ఎవరు కనిపెడతారు? ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ అత్త ముందు కూర్చుని ఉంది, ఆ చేతి మూర నా కళ్ల ముందే ఉంది. ఫోను తీసి రెండో మెసేజి రాశాను. దీన్ని ఒక్కసారి కూడా చెరపలేదు.

"అమ్మలకు, అక్కలకు. తప్పు నాది. పువ్వు ఎంత తెప్పించాలో లెక్కవేసుకున్నాను, కట్టే చేతులు ఎన్నో లెక్కవేసుకోలేదు. పువ్వు తాజాగా ఉంది, కొరత లేదు. చేతులు తక్కువ. కట్టుకోవడం వచ్చిన వాళ్లు ఎవరైనా విడిపూలు తీసుకుంటే ఇప్పుడే పంపుతాను, రేటు తగ్గించి పంపుతాను. అలా కొందరు తీసుకుంటే మిగతా వాళ్లకు కట్టినవి చెప్పిన టైముకే అందుతాయి."

పంపాక ఫోను బోర్లా పెట్టాను. తిట్లు చదివే ధైర్యం లేదు. రెండు నిమిషాలకే మళ్లీ తిప్పాను. తిట్లు ఉన్నాయి. "మల్ల ఫోన్ల ఆర్డరెందుకు తీసుకున్నవ్?" అని ఒకామె అడిగింది, నిజమే కదా. కానీ విడిపూలు చాలని చెప్పిన వాళ్లూ ఉన్నారు. ఒకామె "మా అమ్మ ఉన్నది, కడతది" అంది. నాగర్‌కర్నూల్ ఆమె "పది మూరలకు సరిపడ పంపు, మా ఆడోళ్లం కూసుంటం" అంది. గద్వాల టీచరమ్మ గొంతు వచ్చింది. "తెలివి తెల్లారినట్టే ఉన్నది. సరే, పదిహేను మూరల పువ్వు పంపు. చిన్నప్పుడు మేం కట్టలేదా? నేనూ నా కోడలూ రెండు గంటల్ల కడతం. ముడులే గదా."

ముడులే గదా! అత్త, వదినె ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. వదినె నవ్వుతూనే నా వీపు మీద ఒకటి చరిచింది. బాగానే తగిలింది.

మధ్యాహ్నం బస్సులకు విడిపూల పొట్లాలు తీసుకుని నేనే పరుగెత్తాను. మల్లె మొగ్గలను తడిగుడ్డలో, ఆ గుడ్డను అరటాకులో చుట్టి, చీటీలు కట్టి గద్వాల, నాగర్‌కర్నూల్ బస్సుల్లో ఇచ్చాను. రెండు బస్సులూ కదిలేదాకా నిలబడ్డాను. వచ్చేసరికి వాన తుంపర మొదలైంది. అత్త, వదినె తల ఎత్తలేదు. నేను వాళ్లకు దారాలు తడిపి ఇచ్చాను, టీ తాగించాను, కట్టినవి కొలిచి తడిగుడ్డలో వరుసగా పేర్చాను. కట్టడం చేతకానివాళ్లు పక్కన చేయగలిగిన పనులు చాలా ఉంటాయని ఆ రోజు తెలిసింది. రాత్రి అన్నాలు తిన్న కాసేపటికి ఆఖరు మూర దారం కొరికింది అత్త. ఆ రోజు కట్టిన వాటిలో ఒక్కటి కూడా నాలుగు పూల కొసరు లేకుండా వెళ్లలేదు.

శుక్రవారం నాలుగున్నరకు మా ఆయన బండి తీశాడు. పాపాయి నిద్రపోతున్న ఇంటి తలుపు కొట్టకుండా పొట్లం గొళ్లేనికి తగిలించి వచ్చాడు. నేను బస్టాండులో మొదటి బస్సు కోసం అటూ ఇటూ తిరుగుతూ పది నిమిషాలకు పదిసార్లు టైము చూసుకున్నాను. ఏడున్నర లోపల అందరికీ చేరాయి. ముందటేడు దండ విసిరేసిన ఆమె కూడా ఆ మెసేజి ఎవరి ఫోనులోనో చూసి ఆర్డరిచ్చిందట. మా ఆయన పొట్లం ఇస్తే విప్పి చూసి, ఏమీ అనకుండా తీసుకుందని చెప్పాడు.

పూజలు అయ్యే వేళకు టీచరమ్మ గొంతు మెసేజి వచ్చింది. ఎప్పుడూ బడిలో బెత్తం మోగినట్టుండే గొంతు, ఆ రోజు జర మెత్తబడింది.

"ఏమే. పదిగంటల దాక కూసున్నమే ఇద్దరం. నా నడుం పోయింది, కోడలి వేళ్లు కోసుకపోయినయి. అయిదు మూరలైనయ్. పదిహేనుల అయిదు. ముత్తయిదువులకు జానెడు గూడ రాని ముక్కలు ఇచ్చిన. ఇజ్జత్ పోలే గని, నాకే సిగ్గేసింది. అరవై రూపాయలని నిన్ను తిట్టిన గదా. మీ అత్తకు చెప్పు, ఆమె చేతులకు దండం పెట్టిన అని."

నేను కొట్టులోకి వెళ్లి అత్త చెవి దగ్గర ఫోను పెట్టాను. ఆమె విన్నది. "మళ్లొకసారి పెట్టు" అంది. పెట్టాను. మూడోసారి కూడా పెట్టించుకుంది. కళ్లు తడిశాయేమోనని చూశాను కానీ ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"గీమె లెక్కల పంతులమ్మ అంటివి గదనే?"

"అవునత్తా."

"ఇప్పుడొచ్చింది ఆమెకు లెక్క" అని కొత్త దారం వేలికి బిగించింది.

దసరాకు మళ్లీ మెసేజి రాయాల్సి వచ్చింది. ఈసారి పువ్వుల కంటే ముందు చేతులు లెక్కపెట్టాను. వదినెను, ఆమె తోడికోడలును పండుగ రేటు ముందే చెప్పి ఒప్పించుకున్నాను. తోడికోడలు పన్నెండు కావాలంది, ఇద్దరికీ పన్నెండే అన్నాను. తర్వాత ఒక దారం తీసుకుని అత్త మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా పరిచి, రెండు కొసల్లో ముళ్లు వేశాను.

"ఏంది కొలుస్తున్నవ్? పాడె కట్టనీకా?" అంది.

"నోరు మంచిగ పెట్టుకో అత్తా! ఇక నుంచి ఎవరు కట్టినా ఈ దారంతోనే కొలుస్తం. నీ చెయ్యే మన మూర."

ఆమె చెయ్యి వెనక్కు తీసుకోలేదు. నేను ఫోనులో రాసింది చదివాను. "మా దగ్గర మూర అంటే మా అత్త చేతి మూర. మా కొట్టులో మూడు జతల చేతులు ఎన్ని కట్టగలిగితే అన్ని ఆర్డర్లే తీసుకుంటాం. పండుగకు పువ్వు రేటు పెరిగినట్టే కట్టే చేతి రేటు కూడా పెరుగుతుంది, అది ఈ ధరలోనే ఉంది." ఇంతవరకే అయింది. కింద రేట్లు ఇంకా రాయలేదు. బంతి పాట ఎంతకు పోతుందో మండీ నుంచి కబురు రావాలి.

"నా మాట ఏడుందే దాంట్ల? చూపియ్యి" అంది.

ఫోను ఆమె ముందు పెట్టి చూపించాను. ఆమె చదవలేదు కదా, ఆ గాడి పడిన వేలు పెట్టి వరుస వెంబడి మెల్లగా తడుముకుంటూ పోయింది. వరుస చివర, మెసేజి పంపే ఆకుపచ్చ గుర్తు మీద వేలు ఆగింది. ఫోను టింగుమంది.

"అయ్యో! పోయిందత్తా! రేట్లు రాయకుండనే పోయింది! అందరికీ పోయింది!"

"పోతే పోనియ్యి. మన చేతులైతే అందుల ఉన్నయి గదా, సాలు" అంది.

నేను తల పట్టుకున్నాను. తుడిపేద్దామని ఫోను అందుకునే లోపలే గద్వాల నుంచి జవాబు వచ్చింది.

"రాసుకో. పదిహేను మూరలు. రేటు తర్వాత చెప్పు. కట్టినవే పంపు."